జీతం గ్రేడ్లు, బ్యాండ్లు - 3వ పాఠం: బ్యాండ్‌లో మీ జీతం ఎక్కడుంది?

గత రెండు పాఠాల్లో కంపెనీ ఉద్యోగాలని గ్రేడ్లుగా ఎలా విడగొడుతుందో, ఒక్కో గ్రేడ్‌కి కింది హద్దు, పై హద్దు ఎలా పెడుతుందో చూశాం. ఈసారి మీ జీతాన్ని ఆ రెండు హద్దుల మధ్య పెట్టి చూద్దాం. లెక్క చాలా చిన్నది, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. కానీ చాలామంది తప్పు అంకెతో మొదలుపెట్టి, వచ్చిన జవాబు చూసి నిశ్చింతగా ఉండిపోతారు. అందుకే ఈ పాఠంలో సగం ఆ మొదటి అంకె గురించే.

ఒక ఉదాహరణ తీసుకుందాం, అంకెలు నేర్చుకోవడానికి పెట్టినవి. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్. అక్కడ క్వాలిటీ విభాగంలో సీనియర్ ఎగ్జిక్యూటివ్‌గా ఒకమ్మాయి పనిచేస్తోంది. చెరువుల నుంచి వచ్చిన సరుకుకి శాంపిల్ తీయించి యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షకి పంపడం దగ్గర్నుంచి, కంటైనర్ గేటు దాటేదాకా రికార్డులన్నీ ఆమె చేతిమీదుగానే నడుస్తాయి. ఈ గ్రేడ్‌లోకి వచ్చి మూడేళ్లయింది. ఆ గ్రేడ్ బ్యాండ్ ఏడాదికి 4,00,000 నుంచి 6,00,000 దాకా, మిడ్‌పాయింట్ 5,00,000. ఆమె సీటీసీ 5,40,000.

ఇంక్రిమెంట్ల సమయంలో ఆమె వెళ్లి అడిగితే హెచ్ఆర్ మేనేజర్ అన్న మాట ఇది: "మీరు మిడ్‌పాయింట్ కన్నా పైనే ఉన్నారమ్మా, ఇంకేం కావాలి?" 5,40,000ని 5,00,000తో భాగిస్తే 1.08. ఇలా జీతాన్ని మిడ్‌పాయింట్‌తో భాగిస్తే వచ్చేదాన్ని కంపా-రేషియో అంటారు. 1.00 అంటే సరిగ్గా మధ్యలో, 1.08 అంటే మధ్య కన్నా 8 శాతం పైన. పైకి చూస్తే ఆయన మాట నిజమే అనిపిస్తుంది.

అక్కడ ఆమె అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "సార్, ఈ బ్యాండ్ ఫిక్స్‌డ్ పే మీద వేసిందా అండీ, సీటీసీ మీద వేసిందా?"

రెండు రకాల కంపెనీలూ ఉన్నాయి. బ్యాండ్‌ని దేనిమీద వేశారో మీ జీతాన్నీ దానిమీదే కొలవాలి. ఈ ప్లాంట్‌లో బ్యాండ్ వేసింది ఫిక్స్‌డ్ పే మీద, అంటే నెలనెలా తప్పకుండా వచ్చే బేసిక్, హెచ్ఆర్ఏ, మిగతా అలవెన్సులు కలిపిన మొత్తం మీద. సీటీసీలో ఇవి కాక ఇంకా చాలా ఉంటాయి. ఆఫర్ లెటర్ వెనక ఉండే అనెక్జర్ తీసి ఒక్కో వరుసా చూడండి.

ఆమె అనెక్జర్‌లో బేసిక్ నెలకి 19,000. కంపెనీ తన వాటాగా పీఎఫ్‌ని 15,000 పరిమితి మీద 12 శాతం కడుతోంది, అంటే నెలకి 1,800, ఏడాదికి 21,600. గ్రాట్యుటీ బేసిక్ మీద 4.81 శాతం, సుమారు 11,000. ఆ 4.81 ఎక్కడిదంటే, ఏడాది సర్వీసుకి పదిహేను రోజుల జీతం, నెలకి 26 పనిరోజుల లెక్కన. 15ని 26తో భాగించి మళ్లీ 12తో భాగిస్తే అదే వస్తుంది. ఆ డబ్బు సాధారణంగా అయిదేళ్ల సర్వీసు నిండాకే చేతికొస్తుంది, సీటీసీలో మాత్రం మొదటి ఏడాది నుంచే కనిపిస్తుంది. గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం 7,400. ఏడాది చివర్లో పనితీరుని బట్టి ఇచ్చే వేరియబుల్ 48,000, అది కూడా పూర్తిగా వస్తేనే. ఈ నాలుగూ కలిపితే 88,000. 5,40,000లోంచి తీసేస్తే ఫిక్స్‌డ్ పే 4,52,000.

ఇప్పుడు మళ్లీ భాగించండి. 4,52,000 ÷ 5,00,000 = 0.904. మధ్య కన్నా 8 శాతం పైన అనుకున్న జీతం నిజానికి దాదాపు 10 శాతం కింద ఉంది. మేనేజర్ అబద్ధం చెప్పాలనుకున్నారని కాదు, ఆయన ముందున్న షీట్‌లో సీటీసీ కాలమ్ పక్కనే మిడ్‌పాయింట్ కాలమ్ ఉండి ఉండొచ్చు. అలాంటి షీట్లు చాలా ఉంటాయి, అందుకే అడగడానికి మొహమాటపడకండి.

ఇంకో కొలత కూడా వేసుకుంటే మంచిది, బ్యాండ్‌లో ఎంత దూరం వచ్చామన్నది. మీ జీతంలోంచి కింది హద్దు తీసేసి, దాన్ని బ్యాండ్ మొత్తం వెడల్పుతో భాగించాలి. ఆమెకి 52,000 ÷ 2,00,000, అంటే 26 శాతం. బ్యాండ్‌ని మూడు భాగాలు చేస్తే ఇంకా మొదటి భాగంలోనే ఉంది. కంపెనీ మిడ్‌పాయింట్ చెప్పకుండా రెండు హద్దులే చెప్తే ఈ కొలతే వాడుకోవచ్చు, లేదా రెంటినీ కలిపి సగం చేస్తే మామూలుగా అదే మిడ్‌పాయింట్.

ఇంతకీ 26 శాతం తక్కువా? గ్రేడ్‌లో ఎన్నాళ్లుగా ఉన్నారో తెలియకుండా దీనికి జవాబు లేదు. మొన్ననే ప్రమోషన్ వచ్చినవాళ్లు మొదటి మూడోవంతులో ఉండటం మామూలే, అక్కడ అన్యాయమేమీ లేదు. మిడ్‌పాయింట్ అన్నది, ఆ పని పూర్తిగా వచ్చి, ఎవరూ పక్కన నిలబడి చెప్పనక్కర్లేనివాళ్లకి బయట మార్కెట్‌లో ఇచ్చే జీతానికి దగ్గరగా పెట్టే అంకె. మన అమ్మాయి ఇప్పుడు సరిగ్గా ఆ స్థితిలోనే ఉంది. బయ్యర్ తరఫున ఆడిట్‌కి వచ్చినవాళ్లకి తనే జవాబు చెప్తోంది, కొత్తగా చేరినవాళ్లకి తనే నేర్పుతోంది, రేటింగ్ కూడా బాగానే వస్తోంది. మూడేళ్ల తర్వాత ఇలాంటి మనిషి 0.90 దగ్గర ఉందంటే జీతం పని వెనకాల నడుస్తోందనే నా అభిప్రాయం. అదే అంకె దగ్గర ఆరునెలల క్రితం గ్రేడ్ మారిన అబ్బాయి ఉంటే, ఆగమనే చెప్తాను.

సరే, ఏటా హైక్ వస్తోంది కదా, అదే మధ్యకి చేరుతుందిలే అనుకోవచ్చు. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బ్యాండ్ కూడా కదులుతుంది. ఏటా మార్కెట్‌లో జీతాలు పెరిగినకొద్దీ కంపెనీ హద్దుల్ని కూడా పైకి జరుపుతుంది. కాలవకి నీళ్లు వదిలాక మీ పడవ లేచిన మాట నిజమే, కానీ పక్క పడవలూ అంతే లేచాయి. ఆమెకి ఏటా 7 శాతం హైక్ వచ్చి, బ్యాండ్ ఏటా 5 శాతం కదిలితే, నిజంగా దగ్గరైంది సుమారు 2 శాతమే. 0.904 మరుసటి ఏడాదికి 0.921, ఆ పై ఏడాది 0.939. ఇలా పోతే అయిదేళ్లకి 0.993. మధ్యకి చేరేది ఆరో ఏడాది. అప్పటికి ఆ గ్రేడ్‌లో మొత్తం తొమ్మిదేళ్లు. 7 శాతం హైక్ లెటర్ చూసి ఇంట్లో అందరూ సంతోషిస్తారు, సంతోషించాల్సిందే, కానీ బ్యాండ్‌లో స్థానం మారిందా లేదా అన్నది ఆ లెటర్ చెప్పదు. మీ హైక్ శాతంలోంచి బ్యాండ్ కదిలిన శాతం తీసేస్తే మిగిలేదే మీ కదలిక.

దీనికి తిరగేసిన పరిస్థితి ఇంకా ఇబ్బంది. కంపెనీ మూడేళ్లుగా బ్యాండ్‌ని ముట్టుకోలేదనుకోండి. అప్పుడు ఆమె కంపా-రేషియో ప్రతి హైక్‌కీ చకచకా పెరుగుతుంది, కాగితం మీద అంతా బాగుంటుంది, బయట మాత్రం మార్కెట్ వెళ్లిపోయి ఉంటుంది. ఏటా 5 శాతం చొప్పున జరిపి ఉంటే ఆ 5,00,000 మిడ్‌పాయింట్ ఇప్పటికి 5,79,000 దాకా ఉండేది. దానితో కొలిస్తే ఆమె 4,52,000 అంటే 0.78. ఆ బ్యాండ్ కింది హద్దు 0.80 దగ్గర ఉంటుంది కాబట్టి, హద్దు కన్నా కిందే ఉన్నట్టు!

బ్యాండ్ పాతబడిందని ఎలా పసిగట్టాలి? కొత్తగా చేరేవాళ్ల ఆఫర్లు చూస్తే తెలుస్తుంది. మీ గ్రేడ్‌లోకి తక్కువ అనుభవంతో వస్తున్నవాళ్లని మిడ్‌పాయింట్ దగ్గర, దానికి పైన తీసుకుంటున్నారంటే, ఆ కింది భాగం జీతానికి బయట మనుషులు దొరకట్లేదని అర్థం. కాకినాడలోనో, ఉండి, ఆకివీడు వైపో ఇలాంటి ప్లాంట్‌కే వెళ్లిన పాత సహోద్యోగులు ఎంత ఫిక్స్‌డ్‌కి చేరారో కూడా పనికొస్తుంది. ఒక్కరి మాట పట్టుకోకండి, ఇద్దరు ముగ్గురివి వినండి, అందరినీ సీటీసీ కాకుండా ఫిక్స్‌డ్ ఎంతో అడగండి. హైదరాబాద్ జీతాలు మాత్రం ఈ పోలికలోకి తేవద్దు. కొన్ని కంపెనీలు ఒకే గ్రేడ్‌కి ఊరిని బట్టి వేరే బ్యాండ్ పెడతాయి, హెడ్ ఆఫీసు బ్యాండ్‌తో ప్లాంట్ జీతాన్ని కొలిస్తే అనవసరంగా టెన్షన్ తప్ప ఏమీ రాదు.

ఒక విషయం కలిపేసుకోకండి. 2025లో అమెరికా మన సరుకుపై సుంకాలు 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల ఎగుమతిదార్లంతా కంగారుపడ్డారు. అలాంటి ఏడాది కంపెనీ హైక్ బడ్జెట్ తగ్గించొచ్చు, అది డబ్బు ఉందా లేదా అన్న ప్రశ్న. మీరు బ్యాండ్‌లో ఎక్కడున్నారన్నది వేరే ప్రశ్న. "ఈ ఏడాది బడ్జెట్ లేదమ్మా" అన్నప్పుడు ఒప్పుకుంటూనే, "అర్థమైందండీ, నా స్థానం ఎక్కడుందో మాత్రం రికార్డులో రాసుకుందాం, వచ్చే ఏడాది అక్కడి నుంచే మాట్లాడదాం" అని అడగొచ్చు. ఉన్న కాస్త బడ్జెట్‌ని పంచేటప్పుడు కూడా చాలాచోట్ల ఒకే రేటింగ్ ఉన్నవాళ్లలో బ్యాండ్ కింది భాగంలో ఉన్నవాళ్లకి ఎక్కువ శాతం, పై భాగంలో ఉన్నవాళ్లకి తక్కువ శాతం ఇస్తారు. అందుకే ఆమెని 1.08గా రాసుకున్నారా, 0.90గా రాసుకున్నారా అన్నది హైక్ మీద నేరుగా పడుతుంది.

ఈ లెక్క పనిచేయని చోటు కూడా ఒకటుంది. కొన్ని కంపెనీలు గ్రేడ్లు తగ్గించి బ్యాండ్లని మరీ వెడల్పు చేస్తాయి, కింది హద్దు 4 లక్షలైతే పై హద్దు 10 లక్షలు. ఒకే బ్యాండ్‌లో ల్యాబ్ మనిషి, కొనుగోళ్ల మనిషి, అకౌంట్స్ మనిషి ఉంటారు. అక్కడ మిడ్‌పాయింట్ ఎవరి మార్కెట్ జీతమూ కాదు, కంపా-రేషియో వేసినా ఏమీ తెలియదు. అలాంటప్పుడు మీ ఉద్యోగానికి విడిగా రిఫరెన్స్ జీతం ఏదైనా పెట్టుకున్నారా అని అడగాలి, చాలాసార్లు లోపల ఉంటుంది.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేసి ఉంచండి. అనెక్జర్ తీసి ఫిక్స్‌డ్ పే విడగొట్టండి, కంపా-రేషియో, బ్యాండ్‌లో వచ్చిన దూరం, గ్రేడ్‌లో గడిచిన కాలం ఒక కాగితం మీద రాయండి, బ్యాండ్ చివరిసారి ఎప్పుడు సవరించారో హెచ్ఆర్‌ని అడిగి పక్కనే రాసుకోండి. 4వ పాఠంలో జీతం బ్యాండ్‌లో సరైన చోటే ఉన్నా గ్రేడే తప్పుగా పడిన సందర్భం చూద్దాం, దానికి మీ ఉద్యోగ వివరణ పత్రం కూడా కావాలి.