ఫోమ్ రోలర్ పాఠాలు – 3: మారేది కండరమా, అనుభూతా?

రోలర్ ఎంపిక గురించి, ఒంటి బరువును చేతుల మీదికి ఎంత, రోలర్ మీదికి ఎంత వదలాలన్న దాని గురించి గత రెండు పాఠాల్లో నేర్చుకున్నాం. ఈసారి నేర్చుకునేది కొలవడం. పిక్కను కాసేపు రోలర్ మీద దొర్లించి లేస్తే కాలు వదులైనట్టు ఉంటుంది, చీలమండ కూడా మునుపటికంటే కాస్త ఎక్కువ వంగుతుంది. ఇది భ్రమ కాదు, పరిశోధకులు పదే పదే కొలిచి చూసిన విషయమే. అయితే ఆ మార్పు ఎక్కడ జరుగుతోంది?

ఎక్కువగా వినిపించే జవాబు ఇది: కండరాన్ని చుట్టి ఉండే ఫాసియా అనే పొర అక్కడక్కడా అతుక్కుపోతుంది, రోలర్ ఆ అతుకులను విడదీస్తుంది. ఈ మాటను నేను ఒప్పుకోను. ఫాసియా చాలా గట్టిది. తొడ పక్కన ఉండే దళసరి ఫాసియా, అరికాలి ఫాసియా ఎంత బలానికి ఎంత మారతాయో 2008లో చౌధరీ బృందం గణిత నమూనాతో లెక్కగట్టింది. అవి ఒక్క శాతం నొక్కుకుపోవాలన్నా, ఒక్క శాతం పక్కకు జరగాలన్నా మామూలు శారీరక పరిధిని దాటిన బలం కావాలని తేలింది. అరనిమిషం రోలింగుకు అలాంటి పొర విడిపోతుందంటే నమ్మడం కష్టం. పైగా రోలింగుతో వచ్చిన వంపు సాధారణంగా అరగంట లోపే తగ్గిపోతుంది. నిజంగా అతుకులు విడిపోయి ఉంటే అంత త్వరగా మళ్లీ అతుక్కోవు కదా.

అలాగని కండరంలో ఏమీ జరగదనీ చెప్పలేం. రాపిడికి కాస్త వేడి పుడుతుంది, కణజాలంలోని ద్రవం అటూ ఇటూ కదులుతుంది, కండరపు బిగువు కొద్దిసేపు తగ్గవచ్చు. బిగువును యంత్రంతో కొలిచిన అధ్యయనాల్లో కొన్నిటిలో తగ్గుదల కనిపించింది, కొన్నిటిలో కనిపించలేదు. వంపు పెరిగిన ప్రతిసారీ దాన్ని ఈ ఒక్క కారణంతో వివరించడం కుదరదు.

అసలు ఆధారం రెండో కాలు దగ్గర దొరుకుతుంది. ఒక పిక్కకు మాత్రమే రోలింగ్ చేస్తే రెండో కాలి చీలమండ కూడా కొంత ఎక్కువ వంగిందని 2016లో ఒక అధ్యయనం చూపించింది. అంతకుముందు ఏడాది మరో బృందం, పిక్కలో నొక్కితే నొప్పి పుట్టే చోటును తీసుకుని, రోలర్ మసాజ్‌ను అవతలి పిక్కకు చేసి చూసింది. నొప్పి ఉన్న కాలిని తాకకపోయినా, అక్కడ నొప్పి మొదలవడానికి ఇంతకుముందుకంటే ఎక్కువ ఒత్తిడి అవసరమైంది. ఎడమ పిక్కలో పుట్టిన వేడి కుడి పిక్కకు చేరదు. రెండు కాళ్లకూ ఉమ్మడిగా ఉన్నవి వెన్నుపాము, మెదడు.

చర్మంలోనూ కండరంలోనూ ఉండే గ్రాహకాలు రోలర్ ఒత్తిడిని వెన్నుపాముకు చేరవేస్తాయి. భరించగలిగినంత నొప్పి కొంతసేపు అందితే, మెదడు నుంచి కిందికి దిగే సంకేతాలు శరీరంలో మిగతా చోట్ల నుంచి వచ్చే నొప్పిని కూడా కొంత అణుస్తాయి. దాంతో సాగదీసినప్పుడు ‘ఇక చాలు’ అనిపించే గీత కాస్త ముందుకు జరుగుతుంది. సాగదీయడం మీద జరిగిన పరిశోధనలో దీన్ని తట్టుకునే శక్తి పెరగడం అంటారు. ప్రయోగశాలలో దీన్ని విడిగా పట్టుకునే మార్గం ఉంది. యంత్రం పాదాన్ని ముందూ తర్వాతా ఒకే కోణానికి వంచి, కండరం ఇచ్చే ఎదురుబలాన్ని కొలుస్తుంది. ఎదురుబలం అలాగే ఉండి, మనిషి ఒప్పుకునే గరిష్ఠ కోణం మాత్రం పెరిగితే, మారింది కండరం కాదు, అనుభూతి.

ఇంట్లో ఆ యంత్రం ఉండదు, గోడ చాలు. నేల మీద గోడకు లంబంగా కొలత టేపు అతికించండి, సున్నా గోడ వైపు ఉండాలి. చెప్పులు లేకుండా బొటనవేలి కొనను, మడమ మధ్యభాగాన్ని టేపు మీద పెట్టి, మోకాలిని ముందుకు వంచి గోడకు తాకించండి. మడమ లేవకుండా మోకాలు తాకినంతవరకు అర సెంటీమీటరు చొప్పున పాదాన్ని వెనక్కి జరుపుతూ పోండి. బొటనవేలికీ గోడకూ మధ్య మిగిలిన చివరి దూరమే మీ కొలత. మడమ లేచిందో లేదో మనకు సరిగా తెలియదు. అందుకే మడమ కింద సన్నటి కాగితపు ముక్క ఉంచి, దాన్ని మెల్లగా లాగమని ఇంకొకరికి చెప్పండి. కాగితం జారి వచ్చేస్తే ఆ ప్రయత్నం లెక్కలోకి రాదు.

ఈ పరీక్షను రెండుమూడుసార్లు చేస్తే చాలు, రోలర్ ముట్టకుండానే కొలత పెరుగుతుంది. కాబట్టి వరుసగా రెండుసార్లు ఒకే అంకె వచ్చేదాకా రెండు కాళ్లనూ కొలిచి, ఆ అంకెనే మొదటి కొలతగా రాసుకోండి. తర్వాత ఎడమ పిక్కకు మాత్రమే 30 సెకన్ల చొప్పున మూడుసార్లు రోలింగ్ చేయండి, మధ్యలో 30 సెకన్లు ఆగండి. అసౌకర్యం పదికి ఐదారు దాటకూడదు. వెంటనే ఒకసారి, 10 నిమిషాలకు ఒకసారి, 30 నిమిషాలకు మరోసారి రెండు కాళ్లనూ కొలవండి. మధ్యలో నడవకుండా కూర్చోండి. ప్రతి కొలతకు ముందు, అంకె చూడకుండానే, కాలు ఎంత వదులుగా అనిపిస్తోందో పదికి మార్కులు వేసి పక్క గడిలో రాయండి.

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు పద్ధతి చూపడానికి వేసుకున్నవే. ఎడమ కాలికి వరుసగా 9, 9.5, 10, 10 సెంటీమీటర్లు వచ్చాయి. కుడి కాలికి 10, 10.5, 10.5. రోలింగ్ అయిన వెంటనే ఎడమ 11.5, కుడి 11. పది నిమిషాలకు ఎడమ 11, కుడి 10.5. అరగంటకు ఎడమ 10, కుడి 10.5. తొలి ప్రయత్నంలోని 9తో పోలిస్తే ఎడమ కాలికి రెండున్నర సెంటీమీటర్లు కలిసొచ్చినట్టు కనిపిస్తుంది. అందులో ఒక సెంటీమీటరు పరీక్షను మళ్లీ మళ్లీ చేయడం వల్ల వచ్చిందే. రోలింగ్ తర్వాత కలిసింది ఒకటిన్నర, అది అరగంటలో పోయింది. కుడి కాలిలో కనిపించిన అర సెంటీమీటరు మన జరుపు ప్రమాణమంతే ఉంది, దాన్ని ఫలితంగా లెక్కించకండి. ఇదే సమయంలో వదులు మార్కులు 4 నుంచి 7కు పెరిగి, అరగంట తర్వాత కూడా 7 దగ్గరే ఉన్నాయనుకోండి. అంటే వంపు పోయినా హాయి మిగిలింది. ఆ హాయి నిజమైనదే, కానీ అది వంపుకు కొలమానం కాదు. చాలామంది ఈ రెంటినీ ఒకటిగా చూడడం వల్లే రోలర్ కండరాన్ని పొడవు చేసిందని గట్టిగా నమ్ముతారు.

మరింత గట్టిగా నొక్కితే మరింత ఫలితం వస్తుందన్న ఆశకు కూడా ఆధారం బలహీనమే. తొడ ముందు కండరం మీద తక్కువ, మధ్యస్థ, ఎక్కువ ఒత్తిళ్లను పోల్చిన 2018 అధ్యయనంలో, ఒత్తిడి పెంచినందుకు వంపు అదనంగా పెరగలేదు. ఊపిరి బిగబట్టుకుంటున్నా, పాదం బిగుసుకుంటున్నా మీరు హద్దు దాటినట్టే, చేతుల మీద బరువు పెంచి పిక్క మీద తగ్గించండి. తిమ్మిరి గానీ జివ్వుమన్న భావన గానీ వస్తే నరం నలుగుతోందని అర్థం, వెంటనే చోటు మార్చండి. మోకాలి వెనక గుంట మీద రోలర్ పోనివ్వకండి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే రోలింగ్ వద్దు, అది రక్తం గడ్డకట్టడం కావచ్చు, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

వ్యాయామానికి ముందు రోలింగ్ చేస్తే, వచ్చిన వంపును ఆ పది పదిహేను నిమిషాల్లోనే వాడుకోండి. అంటే రోలర్ దిగగానే లోతైన గుంజీలకో, మడమ దింపి చేసే వ్యాయామానికో వెళ్లాలి.

ఈ వారం అభ్యాసం: రోలింగ్ రోజు కొలతలు తీసుకున్నాక, మరో రోజు అదే సమయానికి అన్నీ అలాగే చేయండి. రోలింగ్ చేయాల్సిన రెండున్నర నిమిషాలు మాత్రం ఊరికే కూర్చోండి. ఆ రోజు కూడా ఎడమ కాలి కొలత సెంటీమీటరు పెరిగితే, పై ఉదాహరణలోని ఒకటిన్నరలో రోలర్ వాటాగా మిగిలేది అర సెంటీమీటరే. రెండు రోజుల కాగితాలూ భద్రంగా ఉంచండి, వ్యాయామం మర్నాటి ఒళ్లునొప్పుల మీద రోలర్ ప్రభావాన్ని వచ్చే పాఠంలో ఇదే పట్టికతో కొలుద్దాం.