వంటనూనె పాఠాలు – 4: గానుగ నూనెకి మారినా రిపోర్టు ఎందుకు మారలేదు?

పోయిన పాఠమంతా నూనె కొలిచి వాడడం గురించి. గానుగ నూనె మాట చివర్లో రెండు వాక్యాల్లో వచ్చింది. చాలామంది ఆ రెండు వాక్యాలే పట్టుకుని, కొలత వదిలేసి, గానుగ దగ్గరికి వెళ్లిపోయారు. అందుకే ఈసారి చెప్పాల్సిన వేపుళ్ల పాఠం పక్కన పెడుతున్నాను.

రెండిళ్ల సంగతి చూద్దాం. ఒకటి బొబ్బిలిలో, ఒకటి ఆమదాలవలసలో. రెండిళ్లలోనూ నలుగురే, నెలకి 5 లీటర్ల నూనె. ఇద్దరూ గానుగ వేరుశనగ నూనెకి మారారు. మూడు నెలల తర్వాత రక్తపరీక్షలో బొబ్బిలి వాళ్లకి ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, తగ్గింది. ఆమదాలవలస వాళ్లకి కాస్త పెరిగింది. 'గానుగోడు కల్తీ చేశాడేమో' అని వాళ్ల అనుమానం. కల్తీ అక్కర్లేదు, లెక్క చూస్తే చాలు.

లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. 5 లీటర్లంటే నాలుగున్నర కిలోలు. నలుగురికి, ముప్ఫై రోజులకి పంచితే మనిషికి రోజుకి 38 గ్రాములు. ఎల్‌డీఎల్‌ని పెంచేది అందులోని సంతృప్త కొవ్వు, ప్యాకెట్ మీద శాచురేటెడ్ ఫ్యాట్ అని ఉంటుంది. అది పామోలిన్‌లో నూటికి 40 పైనే, వేరుశనగలో 18 దాకా, నువ్వుల్లో 15, పొద్దుతిరుగుడులో 11 ఉంటుంది.

బొబ్బిలి వాళ్లు అంతకుముందు వాడింది పామోలిన్. అంటే మనిషికి రోజుకి 16 గ్రాముల సంతృప్త కొవ్వు. వేరుశనగకి మారాక 7. ఆమదాలవలస వాళ్లు వాడింది రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె. వాళ్లకి 4 ఉండేది 7 అయింది. ఇద్దరిలో ఎవరి ఫలితానికీ గానుగ కారణం కాదు, గింజ కారణం.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. 'గానుగదండీ, ఎంత పోసుకున్నా పర్లేదు' అంటారు. గానుగలో ఆడించినా, మిల్లులో రిఫైన్ చేసినా వేరుశనగ కొవ్వు వేరుశనగ కొవ్వే. రిఫైనింగ్‌లో జిగురు, రంగు, వాసన, విడిగా ఉన్న ఆమ్లాలు పోతాయి. వాటితోపాటు విటమిన్ ఇ కొంత పోతుంది, అది నిజమైన నష్టమే. కానీ 18 శాతం 18గానే ఉంటుంది. 'కొలెస్ట్రాల్ లేదు' అని సీసా మీద రాసిన మాటా ఇలాంటిదే. మొక్కల నూనెల్లో అది లెక్కలోకి వచ్చేంత ఎందులోనూ ఉండదు, పామోలిన్‌తో సహా. ఆ మాట చదవకండి, వెనక్కి తిప్పి శాచురేటెడ్ ఫ్యాట్ వరస చదవండి. గానుగ సీసాకి లేబుల్ లేకపోతే పైన ఇచ్చిన అంకెలు చాలు.

మరి గానుగ నూనె ఎక్కడ వాడాలి? తాలింపుకి, కూరకి, పులుసుకి. చేపల పులుసుకి నేనైతే నువ్వుల నూనె తప్ప మరొకటి ముట్టను. ఆ వాసన ఉంటే తక్కువ నూనెతోనే రుచి సరిపోతుంది, నాకు గానుగ నూనె నచ్చేది అందుకే. గారెలకి మాత్రం వద్దు. గానుగ వేరుశనగ నూనె 160 డిగ్రీల దగ్గరే పొగ మొదలెడుతుంది, గారెలకి 170 పైన కావాలి. రిఫైన్డ్ 230 దాకా నిలుస్తుంది. ఆవాలు చిటపటలాడకముందే మూకుడు మీద సన్నటి పొగ కనిపిస్తే మంట ఎక్కువైందన్నమాట. అడుగున మడ్డి ఉన్నా త్వరగా మాడుతుంది. కొత్త నూనెని రెండు మూడు రోజులు కదపకుండా ఉంచి పైతేట వంచుకోండి.

సొంత కాయలు ఆడించేవాళ్లకి ఒక్క మాట. బూజు పట్టినవి, నల్లబడినవి, ముడుచుకుపోయినవి ముందే ఏరెయ్యండి. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. రిఫైనింగ్‌లో అది పోతుంది, గానుగలో కొంత నూనెలోకి దిగుతుంది.

ఇక అభ్యాసం, ఈసారి గట్టిదే. ఆదివారం పొద్దున్న 700 మిల్లీలీటర్ల నూనె ఒక సీసాలోకి తీయండి. నలుగురికి వారానికి అంతే, మనిషికి రోజుకి 23 గ్రాములు పడుతుంది. పెద్ద డబ్బా అటక మీద పెట్టెయ్యండి. గురువారానికే సీసా ఖాళీ అయితే మళ్లీ నింపకండి, శనివారం దాకా పచ్చిపులుసు, ఉడకబెట్టిన కూరలు, పప్పు మీద లాగించండి. అత్తగారు గొణిగినా సరే. ఏ రోజు ఏ కూరకి ఎక్కువ పోయిందో రాయండి, సాధారణంగా వంకాయ, బెండకాయ వేపుళ్ల దగ్గరే దొరుకుతుంది. బయట కొన్న మిక్చరు, బజ్జీలు వేరే గడిలో రాయండి, వాటిలో చాలావరకు పామోలినే ఉంటుంది.

ఇలా పది పన్నెండు వారాలయ్యాక రక్తపరీక్ష చేయించండి, అంతకన్నా ముందు వద్దు. కొలెస్ట్రాల్ మాత్ర వేసుకునేవాళ్లు డాక్టరు చెప్పేదాకా దాన్ని ఆపకండి. వేపుళ్ల పాఠానికి వచ్చేటప్పుడు ఆ వంకాయ, బెండకాయ లెక్కలు తెచ్చుకోండి, వాటితోనే మొదలెడతాను.