జీడీపీలోకి ఏది వస్తుంది, ఏది రాదు?

ఎకనామిక్స్ కొత్తగా చదువుతున్నవాళ్లు జీడీపీ అంటే చేతులు మారిన డబ్బంతా అనుకుంటారు. అది కాదు. ఒక ఏడాదిలో దేశంలో తయారైన అంతిమ వస్తువులు, సేవల మొత్తం విలువే జీడీపీ. ఏ లెక్క ఎదురైనా ముందు ఇలా అడగండి: ఈ ఏడాది, మన దేశంలో, కొత్తగా ఏం తయారైంది?

పాత బైకు 40,000కు అమ్మారనుకోండి. బైకు ఎప్పుడో తయారైంది కాబట్టి ఆ 40,000 లెక్కలోకి రాదు. మధ్యవర్తి తీసుకున్న 1,000 కమీషన్ మాత్రం వస్తుంది, ఎందుకంటే అది ఈ ఏడాది చేసిన సేవ.

అసలు తికమక ఇంటి దగ్గరే. రైతు అమ్మకుండా తిండికి ఉంచుకున్న వడ్లకూ విలువ కట్టి జీడీపీలో కలుపుతారు. ఆ బియ్యాన్ని అమ్మ వండితే మాత్రం కలపరు. అదే వంటకు నెలకు 3,000 ఇచ్చి మనిషిని పెట్టుకుంటే, ఏడాదికి 36,000 జీడీపీలో చేరుతుంది. కంచంలో అన్నం మాత్రం అదే.

ఇదేమీ చిన్న లోటు కాదు. 2019 జాతీయ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు అందులోనే గడిపారు, మగవాళ్లు 97. పరీక్షలో జీడీపీ లోపాలు అడిగితే మొదట ఇదే రాయండి.