అమెరికాకు కొత్తగా వచ్చిన హీమోఫీలియా క్యారియర్లకు: ముందుగా మీ ఫ్యాక్టర్ స్థాయి తెలుసుకోండి

తండ్రికో, అన్నదమ్ములకో హీమోఫీలియా ఉన్న ఇంటి నుంచి వచ్చిన స్త్రీ ఇక్కడి డాక్టరు దగ్గర మొదటిసారి ఫారం నింపేటప్పుడు, రక్తస్రావ వ్యాధి ఉందా అన్న ప్రశ్నకు ‘లేదు’ అని గుర్తు పెట్టడం సహజం. ఆ జబ్బు మగవాళ్లదనీ, తాను కేవలం ఆ లోపమున్న జన్యువును మోసే క్యారియర్‌ననీ ఇంట్లో విన్నమాట అలాంటిది. ఆ గడిలో ‘హీమోఫీలియా ఎ క్యారియర్, ఫ్యాక్టర్ 8 ఇంత శాతం’ అని రాయగలిగితే మంచిది. ఫ్యాక్టర్ అంటే రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్; హీమోఫీలియా ఎ లో ఎనిమిదోది, హీమోఫీలియా బి లో తొమ్మిదోది తగ్గుతుంది.

ఈ ఫ్యాక్టర్ల జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. స్త్రీకి ఉండే రెండు ఎక్స్ క్రోమోజోములలో ఒకటి, పిండదశ తొలి రోజుల్లోనే, ఒక్కో కణంలో యాదృచ్ఛికంగా నిద్రపోతుంది. ఫ్యాక్టర్ తయారుచేసే కణాలలో ఎక్కువ భాగం మంచి జన్యువే నిద్రపోతే స్థాయి బాగా పడిపోతుంది. అందుకే ఒకే తండ్రికి పుట్టిన అక్కచెల్లెళ్లలో ఒకరికి 80 శాతం, మరొకరికి 25 శాతం ఉండవచ్చు. మామూలు మనుషులకు ఇది సుమారు 50 నుంచి 150 వరకు ఉంటుంది. 2021లో అంతర్జాతీయ నిపుణులు ఖరారు చేసిన పేర్ల ప్రకారం, 5 పైన 40 లోపు ఉన్న స్త్రీని క్యారియర్ అనరు, స్వల్ప హీమోఫీలియా ఉన్నదంటారు. అయితే 40 దాటినా రక్తస్రావం ఎక్కువగా అయ్యేవాళ్లున్నారు కాబట్టి, అంకె బాగుందని లక్షణాలను కొట్టిపారేయకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. గుంటూరు నుంచి వచ్చిన ఒకామెకు నెలసరి తొమ్మిది రోజులు సాగుతుంది, గంటన్నరకొక ప్యాడ్ తడిసిపోతుంది. ఇక్కడ క్లినిక్‌లో రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే ఏపీటీటీ పరీక్ష మామూలుగానే వచ్చింది, ఐరన్ మాత్రలిచ్చి పంపారు. ఫ్యాక్టర్ స్వల్పంగా తగ్గినప్పుడు ఆ పరీక్ష దాన్ని పట్టుకోకపోవచ్చు. ఆమె హీమోఫీలియా ట్రీట్‌మెంట్ సెంటర్‌కు రిఫరల్ తీసుకుని, ఫ్యాక్టర్ 8 యాక్టివిటీ పరీక్ష పేరుపెట్టి అడిగి చేయించుకుంటే 34 అని తేలింది. జన్యుపరీక్ష క్యారియరో కాదో చెబుతుందే తప్ప ఈ అంకె చెప్పదు. పన్ను తీయించుకోవాలన్నా, ఆపరేషన్ అన్నా డాక్టరు అడిగేది ఈ అంకెనే. ఏర్పడిన గడ్డ కరగకుండా చూసే ట్రానెక్సామిక్ యాసిడ్ ఒక్కటే సరిపోతుందా, ఫ్యాక్టర్ 8ను తాత్కాలికంగా పెంచే డెస్మోప్రెసిన్ కూడా కావాలా అన్నది దాన్నిబట్టే తేలుస్తారు. నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రం సొంతంగా వేసుకోకండి.

గర్భం వచ్చాక మొదటిసారి పరీక్ష చేయిస్తే మోసపోతారు. ఫ్యాక్టర్ 8 గర్భంతోపాటు పెరుగుతుంది. పైన చెప్పినామెకు ఎనిమిదో నెలలో 90 చూపించినా ఆశ్చర్యం లేదు. ఫ్యాక్టర్ 9 అంతగా పెరగదు, కాబట్టి హీమోఫీలియా బి ఉన్న ఇంటి ఆడపిల్లకు ఈ ఊరట కూడా ఉండదు. కాన్పు తరువాత పెరిగినదంతా ఒకటి నుంచి మూడు వారాల్లో పాత స్థాయికి దిగుతుంది. ఇంటికి పంపేసిన రెండో వారంలో రక్తస్రావం మళ్లీ జోరందుకుంటే, అది బాలింతకు మామూలేనని సాయానికి వచ్చిన అమ్మ అన్నా సరే, ఆ రోజే సెంటర్‌కు ఫోన్ చేయండి.