బోర్డు తుడిచేలోగా: నోట్సు ఫొటోలు తీసుకునేవారికి జాగ్రత్తలు

ఇంటర్ పరీక్షలు దగ్గర పడుతున్న ఈ రోజుల్లో హన్మకొండలోని మా జిరాక్స్ దుకాణానికి పుస్తకాలకన్నా ఫోన్లే ఎక్కువగా వస్తున్నాయి. రివిజన్ క్లాసులో బోర్డు మీది నోట్సును ఎవరో ఒకరు ఫొటో తీస్తారు, అది గ్రూపులో అందరికీ చేరుతుంది, అక్కడి నుంచి మా ప్రింటరుకు వస్తుంది. గత వారం ఒక విద్యార్థి అలాంటి ఫొటోనే చూపించి, "అన్నా, జర క్లియర్ చేసి ప్రింట్ ఇయ్యరాదె" అని అడిగాడు. బోర్డు ఇంకా ఉందా అని అడిగితే, ఎప్పుడో తుడిచేశారన్నాడు.

అది ఎలక్ట్రోకెమిస్ట్రీ పాఠం. రాగికి ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ +0.34 వోల్టులు, జింకుకు −0.76 వోల్టులు. ట్యూబ్‌లైటు ప్రతిబింబం బోర్డు మీద నిలువుగా పడి, సరిగ్గా జింకు వరుసలోని మైనస్ గుర్తును మింగేసింది, పక్కనున్న 0.76 మాత్రం చక్కగా కనిపిస్తోంది. ఘటం విభవం కోసం కాథోడ్ అయిన రాగి విలువలోంచి ఆనోడ్ అయిన జింకు విలువను తీసివేయాలి కాబట్టి 0.34 − (−0.76), అంటే 1.10 వోల్టులు రావాలి. ఆ ఫొటోను నమ్మి చేసిన పిల్లవాడికి 0.34 − 0.76, అంటే −0.42 వచ్చింది. మసక ఫొటో అయితే చదవలేక ఇంకొకరిని అడిగి ఉండేవాడు. ఇది శుభ్రంగా కనిపించి తప్పు చెప్పింది.

ఫోన్ నిటారుగా పట్టుకోవాలి, చెయ్యి కదలకూడదు వంటివి అందరికీ తెలిసినవే. నేను చూసినంతలో పిల్లల్ని ముంచుతున్నది వేరే పొరపాటు: తీసిన ఫొటోను అక్కడికక్కడే పెద్దది చేసి చదవకుండా, తర్వాత యాప్‌లో సరిచేసుకోవచ్చులే అని బోర్డు దగ్గర నుంచి కదిలిపోవడం.

యాప్ సరిచేయగలిగేది ఏమిటో, చేయలేనిది ఏమిటో ముందు తెలుసుకోవాలి. వాలుగా తీసిన బోర్డును నాలుగు మూలలూ పట్టుకుని లాగి, దీర్ఘచతురస్రంగా మార్చగలదు. లేత నీడ పడిన చోటును కొంత తెల్లగా చేయగలదు, ఎందుకంటే నీడలో అక్షరం ముదురుగా, కాగితం దానికన్నా లేతగా ఇంకా వేర్వేరుగానే నమోదై ఉంటాయి. ట్యూబ్‌లైటు మెరుపు పడిన చోట అలా కాదు. అక్కడ కెమెరాకు అందగలిగినంత వెలుగూ అందిపోయి, అక్షరమూ బోర్డూ ఒకే తెలుపుగా నమోదవుతాయి. ఆ తెలుపును ఎంత చీకటి చేసినా బూడిద రంగు వస్తుందే తప్ప మైనస్ గుర్తు రాదు. అందుకే వాలుకు భయపడి మెరుపును భరించడం తప్పు లెక్క. మెరుపు తప్పించుకోవడానికి కొంచెం పక్కకు జరిగి, వాలును యాప్‌కు వదిలేయడమే సరైన లెక్క.

పక్కకు ఎంత జరగాలి? తెల్లబోర్డు నున్నగా ఉంటుంది కనుక కొంతవరకు అద్దంలాగే పనిచేస్తుంది. దీపం ప్రతిబింబం మీ కంటికి ఎక్కడ కనిపిస్తే కెమెరాకూ అక్కడే మచ్చ పడుతుంది. బోర్డు నుంచి మీరెంత దూరంలో ఉన్నారో ట్యూబ్‌లైటూ అంతే దూరంలో ఉంటే, మీరు రెండడుగులు జరిగినప్పుడు మచ్చ దాదాపు ఒక అడుగు జరుగుతుంది. దూరంగా ఉన్న కిటికీ వెలుగైతే మచ్చ ఇంచుమించు మీ వెంటే నడుస్తుంది. కాబట్టి మచ్చ ఖాళీ చోటికో, బోర్డు బయటికో పోయేదాకా జరగండి. ఎడమ చివరి అక్షరాలు కుడి చివరి అక్షరాల్లో సగం పరిమాణానికి తగ్గిపోయాయంటే మరీ ఎక్కువ జరిగారన్నమాట. దూరపు అక్షరాలకు ఫొటోలోని పిక్సెల్ చుక్కలు తక్కువ దక్కుతాయి, వాటిని తర్వాత సాగదీస్తే పెద్దవి అవుతాయి కానీ స్పష్టంగా కావు. అలాంటప్పుడు ఎడమ వైపు నుంచి ఒకటి, కుడి వైపు నుంచి ఒకటి తీసుకోండి. రెండింటిలో మచ్చ వేర్వేరు చోట్ల పడుతుంది, ఒకదానిలో పోయింది మరోదానిలో దొరుకుతుంది. బోర్డు దగ్గరి ట్యూబ్‌లైటును ఆర్పమని సారును అడగగలిగితే ఈ తిప్పలే ఉండవు, కానీ పిల్లలెవరూ అడగరు.

పుస్తకం పేజీ విషయంలో మెరుపుకన్నా నీడ ఎక్కువ బాధపెడుతుంది. తల మీద దీపం ఉండి, ఫోన్ పట్టుకుని పుస్తకం మీదికి వంగితే నీడ పడక తప్పదు. కిటికీ వెలుగు ఎడమ నుంచో కుడి నుంచో వచ్చేలా కూర్చోండి. ఫోన్‌ను ఒక జానెడు ఇంకా పైకెత్తి రెండింతల జూమ్‌తో తీస్తే నీడ పలచబడుతుంది, అంచుల్లో గీతలు వంగడమూ తగ్గుతుంది. రెండు పేజీలను ఒకే ఫొటోలో ఇరికించకండి. కుట్టు దగ్గర కాగితం లోపలికి వంగుతుంది కనుక అక్కడి అక్షరాలు నలిగిపోయినట్టు వస్తాయి. ఒక్కో పేజీని అరచేతితో మెల్లగా చదును చేసి విడిగా తీయాలి. నున్నటి కాగితం మీద మెరుపు పడితే ఫోన్‌ను కదపకుండా పుస్తకాన్నే పావు వంతు తిప్పి చూడండి.

ఇక మిగిలినవి వరుసగా చెబుతున్నాను, ఎందుకని అడగకుండా పాటించండి.

ఫ్లాష్ వాడకండి, బోర్డుకైనా పుస్తకానికైనా.

కెమెరా అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి. దాని మీద వేలిముద్ర జిడ్డు ఉంటే మెరుపు మచ్చ చుట్టూ పొగలా పరుచుకుంటుంది.

అక్షరాల మీద వేలితో నొక్కి ఫోకస్ కుదిరాకే తీయండి.

బోర్డు మరీ తెల్లగా, అక్షరాలు వెలిసినట్టుగా వస్తుంటే కెమెరాలో వెలుగును కొంచెం తగ్గించండి. అంతా బూడిదగా వస్తుంటే కొంచెం పెంచండి.

తెరమీద చారలు కదులుతూ కనిపిస్తే అది దీపం మినుకు. షట్టర్ వేగాన్ని 1/100 లేదా 1/50 సెకను దగ్గర పెట్టండి.

స్కానర్ యాప్‌లో నలుపు-తెలుపు ఫిల్టరు వేయకండి. ఆరిపోతున్న ఎర్ర మార్కరుతో రాసిన దశాంశ బిందువులు, మైనస్‌లు, ఘాతాంకాలు ముందుగా పోయేది అందులోనే. రంగులోనే ఉంచండి.

ఒక్క ఫొటోలో బోర్డంతా పట్టించాలని వెనక బెంచీదాకా పోకండి. సగం సగం తీయండి, మధ్యలో ఒక వరుస రెండింటిలోనూ రానివ్వండి.

ఆ తర్వాత కదలకుండా నిలబడి ఫొటోను పెద్దది చేయండి. అన్నిటికన్నా చిన్న అక్షరం ఏదో వెతికి అది చదవండి: ఘాతాంకం, దశాంశ బిందువు, మైనస్. మెరుపు మచ్చ అంచు వెంట వేలుతో జరుపుతూ చూడండి, ఎందుకంటే తప్పులు మచ్చ నడుమ కాక దాని అంచునే దాక్కుంటాయి. అనుమానం వస్తే ఆ ఒక్క వరుసనూ పెన్నుతో రాసుకోండి. సారు డస్టరు అందుకున్నాక చదివి లాభం లేదు, తుడవకముందే చదవండి.

గ్రంథాలయ పుస్తకమైతే కౌంటరులో ఇచ్చే ముందు చదవండి, బస్సెక్కాక కాదు.

వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే దాని పరిమాణం కుదించుకుపోతుంది. మా దగ్గరికి ప్రింటుకు తెచ్చేటప్పుడు గ్రూపులో నలుగురి చేతులు మారిన కాపీని కాకుండా తీసినవారి ఫోన్‌లోని అసలు ఫొటోనే తీసుకురండి, పరీక్ష అయ్యేదాకా దాన్ని చెరపవద్దని వారికీ చెప్పండి.