మీటింగు తేదీ మారింది, పాసు తేదీ మారలేదు: క్లయింట్ మన ఆఫీసుకు వచ్చే రోజు చిక్కులు, వాటి పరిష్కారాలు

గురువారం ఉదయం 9:10కి గేటు నుంచి ఫోను వచ్చింది. “మీ అతిథులు నలుగురు వచ్చారండి. పాసులు చూపిస్తున్నారు కానీ యంత్రం తీసుకోవడం లేదు” అన్నాడు సెక్యూరిటీ గార్డు. కిందికి వెళ్లి చూస్తే నలుగురూ గేటు పక్కన నిలబడి ఉన్నారు. వాళ్ల కారు దారికి అడ్డంగా ఆగింది, వెనక మరో రెండు బండ్లు హారన్ కొడుతున్నాయి. ఒకరి ఫోనులో పాసు తీసి తేదీ చూశాను. మంగళవారం అని ఉంది.

మీటింగును మంగళవారం 10:30 నుంచి గురువారం 9:30కి మార్చింది నేనే. క్యాలెండర్‌లో మార్చగానే అందరికీ కొత్త ఆహ్వానం వెళ్లింది, అందరూ వస్తామన్నారు. కానీ క్యాలెండర్‌కూ పాసుల వ్యవస్థకూ చాలా ఆఫీసుల్లో సంబంధమే ఉండదు. పార్కింగ్ పట్టిక, రిసెప్షన్ జాబితా, భోజనం ఆర్డరు కూడా అంతే, దేని దారి దానిదే. సందర్శన రోజున కనిపించే చిక్కుల్లో ఎక్కువ భాగం మొదటి ఏర్పాటులో పుట్టవు, ఆ తర్వాత జరిగిన మార్పులో పుడతాయి. అందుకే కింద చెప్పే ప్రతి సమస్యలోనూ ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: మొదట అనుకున్న తర్వాత ఏదైనా మారిందా?

సమస్య: “జాబితాలో పేరు లేదు” అని గేటు దగ్గర ఆపేశారు

ఈ మాట వినగానే కొత్త పాసు చేయడానికి పరుగెత్తకండి. ముందు గార్డును ఒక్క విషయం అడగండి: పేరు అసలు కనిపించడం లేదా, వేరే తేదీ మీద కనిపిస్తోందా, లేక కనిపిస్తున్నా అనుమతి రాలేదని చూపిస్తోందా? ఈ మూడింటికీ కారణాలు వేరు, చేయవలసిన పనులూ వేరు.

పేరు వేరే తేదీ మీద ఉంటే మీటింగు మారినప్పుడు పాసు మారలేదన్నమాట. చాలా వ్యవస్థల్లో పాత పాసు తేదీని సవరించవచ్చు, అయితే సవరించాక కొత్త కోడ్ పుట్టవచ్చు. అప్పుడు అతిథి ఫోనులో ఉన్న పాత కోడ్ ఇక పనిచేయదు. కాబట్టి సవరించి ఊరుకోకుండా కొత్త పాసును మళ్లీ పంపాలి, పాతదాన్ని తీసేయమని కూడా చెప్పాలి. వేరే దేశం నుంచి వచ్చేవారైతే ఇక్కడే మరో చిక్కు ఉంది. 04/05 అని రాస్తే ఒకరికి మే 4, మరొకరికి ఏప్రిల్ 5. అతిథికి పంపే ప్రతి సందేశంలో నెల పేరు అక్షరాల్లో రాసి, పక్కన వారం కూడా పెడితే ఈ గందరగోళం రాదు.

పేరు కనిపించినా అనుమతి రాలేదంటే, మీరు పంపిన అభ్యర్థన ఎవరి దగ్గరో ఆగి ఉంది. సాధారణంగా అది మీ పైఅధికారి దగ్గరో, సెక్యూరిటీ విభాగం దగ్గరో ఉంటుంది. “అభ్యర్థన అందింది” అని వచ్చిన ఈమెయిల్‌ను “పాసు మంజూరైంది” అని పొరబడటం చాలా మామూలు. సందర్శనకు ముందు రోజు మధ్యాహ్నం ఒకసారి వ్యవస్థ తెరిచి ప్రతి పేరు పక్కన ఏ స్థితి ఉందో కళ్లతో చూడండి. సాయంత్రం దాకా ఆగితే అనుమతి ఇవ్వవలసినవారు ఇంటికి వెళ్లిపోయి ఉంటారు.

పేరు అసలు లేదంటే, పది సార్లలో ఎక్కువ సార్లు పేరు ఉంటుంది, వేరేలా ఉంటుంది. ఈమెయిల్‌లో కనిపించే పొట్టి పేరుతో మనం నమోదు చేస్తాం. గుర్తింపు కార్డు మీద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఉంటుంది. గార్డు కార్డు చూసి వెతుకుతాడు, దొరకదు. అప్పటికప్పుడు చేయగలిగింది మీ ఆఫీసు పేరుతోనో, అతిథి సంస్థ పేరుతోనో వెతకమని చెప్పడం. ముందే చేయవలసింది మాత్రం అతిథులను ఇలా అడగడం: “గేటు దగ్గర చూపించే గుర్తింపు కార్డు మీద మీ పేరు ఎలా ఉందో అలాగే రాసి పంపండి.” కార్డు ఫోటో పంపమని అడగవద్దని నా గట్టి అభిప్రాయం. పేరు సరిపోల్చడానికి పేరు చాలు. ఎవరివో కార్డు ఫోటోలు మన ఈమెయిల్‌లో ఏళ్ల తరబడి పడి ఉండటం వాళ్లకూ మంచిది కాదు, మనకూ మంచిది కాదు.

అతిథి దగ్గర పాసే లేకపోతే అది వాళ్ల స్పామ్‌లో పడి ఉండవచ్చు. పాసులు వ్యవస్థ నుంచి తమంతట తాము వెళ్లే ఈమెయిళ్లు కాబట్టి కొన్ని సంస్థల వడపోతలు వాటిని ఆపేస్తాయి, లేదా చిత్రాన్ని తీసేసి ఖాళీ ఈమెయిల్ ఇస్తాయి. పంపినట్టు మన దగ్గర నమోదైనంత మాత్రాన వాళ్లకు చేరినట్టు కాదు. “కోడ్ కనిపిస్తోందా?” అని మీరే విడిగా అడగండి. కనిపించడం లేదంటే పాసు సంఖ్యను మామూలు అక్షరాల్లో సందేశంగా పంపండి, గేటు దగ్గర దానితోనూ వెతకగలరు.

పాసుకు సంబంధించినదే మరొకటి: ల్యాప్‌టాప్. మనిషికి పాసు ఉన్నా కొన్ని చోట్ల పరికరాలను విడిగా నమోదు చేయాలి. లేకపోతే లోపలికి వెళ్లేటప్పుడు కాకుండా బయటికి వచ్చేటప్పుడు ఆపుతారు. ఎవరు ఏ పరికరం తెస్తున్నారో ముందే అడిగితే చాలు.

సమస్య: మనిషికి పాసు ఉంది, కారును మాత్రం లోపలికి రానివ్వడం లేదు

మనుషుల జాబితా, వాహనాల జాబితా వేర్వేరు మనుషుల చేతుల్లో ఉంటాయి. పార్కింగ్ గేటు దగ్గర గార్డు చూసేది బండి నంబరు ఒక్కటే. మా గురువారం అతిథులు మంగళవారానికి ఇచ్చిన నంబరు ఒక కారుది, వచ్చింది మరో కారు.

పరిష్కారం నంబరు అడగడంతో మొదలుకాదు. ముందు “సొంత కారా, మీ ఆఫీసు కారా, క్యాబా?” అని అడగాలి. క్యాబ్ అయితే నంబరు బయలుదేరే ముందు గానీ తెలియదు, పైగా పార్కింగ్ అవసరమే లేదు. దిగే చోటు ఎక్కడో చెబితే సరిపోతుంది. ఆఫీసు కారైతే డ్రైవరు ఉంటాడు. అతడి పేరు కూడా ఇవ్వాలి, రోజంతా ఎక్కడ కూర్చుంటాడో చూడాలి, భోజనాల లెక్కలో అతడిని కలపాలి. ఈ చివరి మాట చాలామంది మరిచిపోతారు. మధ్యాహ్నం రెండింటికి ఆ మనిషి ఆకలితో కారులో కూర్చుని ఉండటం ఒకసారి చూసిన తర్వాత నేను మరిచిపోలేదు.

మ్యాపులో పంపిన చోటు ముఖద్వారానిదై, వాహనాల గేటు భవనం వెనక వైపు ఉంటే అతిథి ఒక చుట్టు అనవసరంగా తిరుగుతాడు. కారులో వచ్చేవారికి వాహనాల గేటు స్థానాన్నే పంపండి. వ్యానులో వస్తున్నారంటే బేస్‌మెంటు ఎత్తు పరిమితిని కూడా ఒకసారి చూసుకోండి.

సమస్య: అతిథులు రిసెప్షన్‌లో ఇరవై నిమిషాలు కూర్చున్నారు, ఎవరూ రాలేదు

సాధారణంగా మీటింగు పెట్టినవారి పేరే పాసు మీద పడుతుంది. రిసెప్షన్ వాళ్లు ఆ పేరుకే ఫోను చేస్తారు. ఆ సమయానికి ఆయన పై అంతస్తులో తెర సరిచూస్తూనో, ఫోను మోగకుండా పెట్టుకుని ముందు మీటింగులోనో ఉంటారు. రిసెప్షన్‌లో కొన్నిసార్లు నమోదై ఉండేది ఆయన బల్ల మీది ఫోను నంబరు, దాన్ని ఎత్తేవారే ఉండరు.

అందువల్ల రిసెప్షన్‌కు ఇచ్చే పేరు ఆ మీటింగులో కూర్చోని మనిషిది కావాలి. ఇంకొక పేరు, మొబైల్ నంబరు కూడా ఇచ్చి, “మొదటివారు ఎత్తకపోతే ఆగకుండా రెండోవారికి చేయండి” అని నోటితో చెప్పండి. అతిథికి కూడా ఆ రెండు నంబర్లూ ఇవ్వండి. ఉదయం డ్యూటీలో ఉన్నవారికి చెప్పిన మాట మధ్యాహ్నం వచ్చేవారికి చేరుతుందన్న నమ్మకం లేదు. అతిథులు డ్యూటీ మారే వేళకు వచ్చేలా ఉంటే ఆ కాగితం బల్ల మీద ఉందో లేదో వెళ్లి చూడటం మంచిది.

సమస్య: భోజనం వచ్చింది, ఒకరు తినలేకపోయారు

“భోజనంలో ఏమైనా ప్రత్యేకంగా కావాలా?” అని అడిగితే మర్యాదస్తులందరూ “ఏదైనా ఫరవాలేదండి” అంటారు. ఈ ప్రశ్నతో సమాచారం రాదు. ఎంచుకోవడానికి వీలుగా అడగాలి: శాకాహారమా, మాంసాహారమా? గుడ్డు, పాలు తీసుకుంటారా? ఏ పదార్థమైనా ఒంటికి పడదా? ఆ రోజు ఉపవాసం గానీ, తినే వేళలో నియమం గానీ ఉందా? ఈ నాలుగూ విడివిడిగా, ఒక్కొక్కరినీ అడగాలి. బృందం తరఫున ఒకరు జవాబిస్తే తక్కినవారివి ఊహలే.

ఇష్టం లేకపోవడం, పడకపోవడం ఒకటి కావు. పడని పదార్థం ఉందని ఎవరైనా చెబితే దాన్ని ఏరేసి పక్కన పెట్టడం సరిపోదు. అదే గరిటె, అదే నూనె వాడినా ప్రమాదమే. వంటవారికి ఆ మాట రాతలో ఇచ్చి, ఆ పెట్టెను విడిగా కట్టి మూత మీద పేరు రాయమనండి. వంటవారు తప్పకుండా కుదురుతుందని చెప్పలేకపోతే, ఆ సంగతి అతిథికి ముందు రోజే చెప్పేయండి. వాళ్లు తమ ఏర్పాటు తాము చేసుకోగలుగుతారు.

మా గురువారం కథలో ఇదీ ఉంది. నలుగురిలో ఒకరు మారారు. ఆహ్వానంలో పేరు మార్చాను, ఆర్డరులో పాత మనిషి ఎంపికే ఉండిపోయింది. పెట్టె మీద రాసి ఉన్నది ఆ రోజు రాని మనిషి పేరు. కొత్తగా వచ్చినవారు గుడ్డు తినరు, పెట్టెలో గుడ్డే ఉంది. బయటి నుంచి మరొకటి తెప్పించేలోగా తక్కినవారు తినడం ముగించారు.

అప్పటి నుంచి ఒక్కొక్క అతిథికి ఒక్కొక్క వరుస రాసుకుంటున్నాను: కార్డు మీది పేరు, పాసు స్థితి, వాహనం, పరికరం, భోజనం. మనిషి మారితే పేరు మాత్రమే దిద్దకుండా ఆ వరుస మొత్తం చెరిపి కొత్తగా అడిగి నింపుతాను. తేదీ లేదా వేళ మారితే పాసు, పార్కింగ్, రిసెప్షన్, భోజనం చూసే నలుగురికీ అదే గంటలో విడివిడిగా చెప్పి, చెప్పినట్టు టిక్కు పెట్టుకుంటాను.

సమస్య: వెళ్లేటప్పుడు గేటు తెరుచుకోలేదు

పాసు గడువును మీటింగు ముగిసే వేళతో సమానంగా పెడితే ఇలా జరుగుతుంది. మీటింగు 4 గంటలకు ముగియాలి, మాటల్లో 4:40 అయింది, పాసు గడువు 4కే తీరిపోయింది. గడువు పెట్టేటప్పుడు ముందు అరగంట, తర్వాత రెండు గంటలు కలపండి. పార్కింగ్ గడువు విడిగా ఉంటే దానికీ అంతే కలపాలి. అతిథులను సాగనంపేవారు లిఫ్టు దగ్గర ఆగిపోకుండా పాసు తిరిగి ఇచ్చే బల్ల దాకా, కారు గేటు దాటేదాకా వెళ్లాలి. అడ్డుకర్ర లేవకపోతే గార్డుతో మాట్లాడటానికి మన మనిషి ఒకరు అక్కడ ఉండాలి.