ఇంటి సోలార్ నేర్చుకుందాం, 7వ పాఠం: ఉన్న ఆన్-గ్రిడ్ సిస్టమ్‌కి బ్యాటరీ ఎటు వైపు పెట్టాలి

పోయిన పాఠంలో కరెంట్ పోగానే ఆన్-గ్రిడ్ ఇన్వర్టర్ కూడా ఎందుకు ఆగిపోతాదో చూసినాం. పోల్ ఎక్కి పనిచేసే లైన్‌మన్ వైపు మన పవర్ వెళ్లకూడదని అట్లా చేసినారు, అది మంచిదే. కానీ మే నెలలో పొద్దున తొమ్మిదికి మెయింటెనెన్స్ అని కరెంట్ తీసేసి రెండింటికి ఇస్తే ఇంట్లో వాళ్లకి ఒళ్లు మండుతాది. కడపలో ఎర్రముక్కపల్లి దగ్గర ఉండే మా మామ ఫోన్ చేసి అడిగింది కూడా ఇదే, "పైన ఎండ మండిపోతాంది, కింద ఫ్యాన్ తిరగల్యా, ఇదేం సోలార్ అబ్బీ, బ్యాటరీ పెట్టిచ్చుకుంటే సరిపోతాదా" అని. సరిపోతాది, కానీ ఎటు వైపు తగిలిస్తామన్న దాని మీద ఉంటాది. ఈ పాఠం మొత్తం మామ ఇంటి లెక్క మీదనే నడుపుతా.

ఆ ఇంటి మీద 540 వాట్ల ప్యానెల్స్ ఆరు, అన్నీ ఒకటే స్ట్రింగ్, కింద 3 కిలోవాట్ సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్, నెట్ మీటర్. పెట్టి రెండేండ్లు అయింది, ఇన్వర్టర్ బాగానే పనిచేస్తాంది, వారంటీ ఇంకా ఉంది.

బ్యాటరీని రెండు చోట్ల పెట్టొచ్చు. ప్యానెల్స్ నుంచి వచ్చే డీసీ ఇంకా ఏసీగా మారకముందే దాన్ని బ్యాటరీలోకి తీసుకుంటే డీసీ కప్లింగ్. ఉన్న ఇన్వర్టర్‌ని కదిలించకుండా అది ఇచ్చే ఏసీ వైపు ఇంకో బ్యాటరీ ఇన్వర్టర్ పెట్టి, మిగిలిన ఏసీని మళ్లీ డీసీ చేసి నింపుకుంటే ఏసీ కప్లింగ్. మొదటి దాంట్లో మార్పిడి తక్కువ, రెండో దాంట్లో డీసీ ఏసీ అయి, మళ్లీ డీసీ అయి, రాత్రికి మళ్లీ ఏసీ అవుతాది కాబట్టి నష్టం కొంచెం ఎక్కువ. ఈ ఒక్క మాట పట్టుకుని చాలామంది డీసీనే బెస్ట్ అని చెప్పేస్తారు. ఆ నష్టం నిజంగా ఎంతో ఒకసారి లెక్క వేసి చూద్దాం.

డీసీ దారిలో ప్యానెల్ నుంచి బ్యాటరీకి 96 శాతం చేరుతాది అనుకోండి, బ్యాటరీలో పోయి రావడానికి 95, బయటికి ఏసీగా రావడానికి 95. మూడూ గుణిస్తే దగ్గర దగ్గర 87 శాతం. ఏసీ దారిలో సోలార్ ఇన్వర్టర్ 97, ఛార్జింగ్ 94, బ్యాటరీ 95, మళ్లీ బయటికి 94, గుణిస్తే 81. తేడా ఆరు శాతం. రోజుకి నాలుగు యూనిట్లు బ్యాటరీ గుండా పోతే పావు యూనిట్ లోపే పోతాది, నెలకి ఏడు యూనిట్లు, యూనిట్ ఆరు రూపాయలు అనుకున్నా నలభై రూపాయల చిల్లర. దీనికోసం బాగున్న ఇన్వర్టర్ పీకేసి, ప్యానెల్స్‌నీ బ్యాటరీనీ రెండింటినీ ఒకటే డబ్బాలో చూసుకునే కొత్త హైబ్రిడ్ ఇన్వర్టర్ కొనడంలో నాకైతే అర్థం కనపడదు. పైగా నెట్ మీటర్ ఉన్న ఇంట్లో మిగులు యూనిట్లు ఎట్లాగూ లైన్‌కి పోయి లెక్కలో పడుతూనే ఉంటాయి, కాబట్టి ఇక్కడ బ్యాటరీ బిల్లు తగ్గించడానికి కాదు, కరెంట్ పోయినప్పుడు ఇల్లు నడవడానికి.

డీసీ కప్లింగ్ కావాలంటే ఇంకో ఇబ్బంది ఉంది. మామ ఇంటి ప్యానెల్ ఒక్కోటి ఖాళీగా ఉన్నప్పుడు దగ్గర దగ్గర 49.5 ఓల్టులు ఇస్తాది, ఆరు వరసగా కలిపితే 297, డిసెంబర్ పొద్దున చలికి ఇంకొంచెం పెరిగి 305 దాకా పోతాది. బజార్లో దొరికే 48 ఓల్టుల బ్యాటరీ ఛార్జ్ కంట్రోలర్లు చాలా వాటికి ఇన్‌పుట్ లిమిట్ 150 లేదా 250 ఓల్టులే, ఈ స్ట్రింగ్ తెచ్చి దానికి తగిలిస్తే ఆ నిమిషమే కాలిపోతాది. కాబట్టి స్ట్రింగ్ విడగొట్టి పైన వైరింగ్ మళ్లీ చేయాల, లేదంటే ఇన్వర్టర్ తీసేసి హై ఓల్టేజ్ ఇన్‌పుట్ ఉన్న హైబ్రిడ్ పెట్టాల. హైబ్రిడ్ పెడితే నెట్ మీటర్ అప్లికేషన్‌లో రాసిన ఇన్వర్టర్ మారిపోయినట్టు, ఏపీఎస్పీడీసీఎల్‌కి మళ్లీ చెప్పుకోవాల, సబ్సిడీలో పెట్టిన సిస్టమ్ అయితే ఐదేండ్ల మెయింటెనెన్స్ బాధ్యత పెట్టిన వెండర్ మీద ఉంటాది కాబట్టి అతన్ని అడగకుండా చెయ్యి పెట్టకూడదు.

సరే, ఏసీ కప్లింగ్ అనుకున్నాం. ఇప్పుడు అసలు విషయం వస్తాది, దీన్ని నిదానంగా చదవండి.

బ్యాటరీ ఇన్వర్టర్‌కి రెండు ఏసీ వైపులు ఉంటాయి, ఒకటి గ్రిడ్ వైపు, ఇంకోటి బ్యాకప్ వైపు. కరెంట్ పోగానే అది లోపల రిలే తెరిచి గ్రిడ్ వైపు తెంపేసుకుని, బ్యాకప్ వైపు తనే 230 ఓల్టులు, 50 హెర్ట్జ్ తయారు చేసి ఇస్తాది. ఇప్పుడు మన పాత సోలార్ ఇన్వర్టర్ ఎటు వైపు ఉంది? మామూలుగా అది మెయిన్ బోర్డులో, అంటే గ్రిడ్ వైపు ఉంటాది. అట్లనే వదిలేస్తే కరెంట్ ఉన్నంతసేపు మీటర్ దగ్గర పెట్టిన సీటీ అనే కరెంట్ కొలిచే సెన్సర్‌తో మిగులు చూసి బ్యాటరీ నింపుకుంటాది, అంతా బాగున్నట్టే కనపడతాది, కానీ కరెంట్ పోయిన పగలు సోలార్ మళ్లీ చచ్చి పడుంటాది, బ్యాటరీ మటుకే ఖాళీ అవుతా ఉంటాది. అందుకే సోలార్ ఇన్వర్టర్ ఏసీ వైరుని బ్యాకప్ వైపు సబ్-బోర్డుకి మార్చాల. అప్పుడు బ్యాటరీ ఇన్వర్టర్ తయారు చేసే కరెంట్‌నే గ్రిడ్ అనుకుని సోలార్ మళ్లీ స్టార్ట్ అవుతాది. మధ్యలో డిస్కం సీల్ వేసిన సోలార్ మీటర్ ఉంటే ఆ వైరు కదిలించే ముందు వాళ్ల పర్మిషన్ తప్పనిసరి.

మీ పని చేసిన ఎలక్ట్రీషియన్ సరిగ్గా చేసినాడా లేదా తెలుసుకోవడం ఈజీ. ఎండ బాగున్నప్పుడు, బ్యాటరీ సగం ఉన్నప్పుడు మెయిన్ దించేయండి. ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతాయి, సోలార్ ఇన్వర్టర్ ఆగిపోయి ఒకటి రెండు నిమిషాల తర్వాత మళ్లీ వాట్స్ చూపించాల. పది నిమిషాలైనా సున్నా చూపిస్తే అది గ్రిడ్ వైపే ఉన్నట్టు.

తర్వాత ఫుల్ బ్యాటరీ కథ. మధ్యాహ్నం పన్నెండు, కరెంట్ లేదు, బ్యాటరీ నిండింది, సోలార్ 2.5 కిలోవాట్ ఇస్తాంది, ఇంట్లో వాడేది 400 వాట్స్. మిగిలిన 2.1 కిలోవాట్ ఎక్కడికి పోవాల? గ్రిడ్ లేదు, బ్యాటరీలో చోటు లేదు. అప్పుడు బ్యాటరీ ఇన్వర్టర్ కావాలనే ఫ్రీక్వెన్సీ పెంచుతాది, 50 నుంచి 51, ఇంకా పైకి. సోలార్ ఇన్వర్టర్ అది చూసి తగ్గాల. కొత్త మోడల్స్ మెల్లగా పవర్ తగ్గించుకుంటాయి. 2013 గ్రిడ్ కనెక్షన్ రూల్స్ లెక్కన సెట్ చేసినవి మటుకు 50.5 హెర్ట్జ్ దాటగానే టక్కుమని ఆగిపోతాయి, మళ్లీ ఫ్రీక్వెన్సీ సరిగ్గా వచ్చినాక కాసేపు ఆగి స్టార్ట్ అవుతాయి, మళ్లీ ఆగుతాయి. స్క్రీన్ మీద ఓవర్ ఫ్రీక్వెన్సీ ఎర్రర్ మళ్లీ మళ్లీ వస్తుంటే, లోపల రిలే టక్ టక్ అంటుంటే ఇదే జరుగుతాందని అర్థం. ప్రమాదం ఏమీ లేదు, ఇల్లు నడుస్తాది, కాకపోతే రోజూ గంటల తరబడి ఇట్లా జరిగితే రిలేకి మంచిది కాదు, వెండర్‌తో మాట్లాడి ఫ్రీక్వెన్సీ-వాట్ సెట్టింగ్ ఉందేమో అడగండి.

సైజుల విషయంలో ఒక రూల్ గట్టిగా పట్టుకోండి. సోలార్ ఇన్వర్టర్ కిలోవాట్లు బ్యాటరీ ఇన్వర్టర్ కేవీఏ కన్నా ఎక్కువ ఉండకూడదు, ఇన్వర్టర్లు చేసే విక్ట్రాన్ కంపెనీ వాళ్లు దీన్నే ఫ్యాక్టర్ 1.0 రూల్ అంటారు. ఎందుకంటే ఫుల్ ఎండలో ఇంట్లో పెద్ద లోడ్ ఒక్కసారి ఆఫ్ అయితే, ఫ్రీక్వెన్సీ పెరిగి సోలార్ తగ్గేలోపు ఆ పవర్ మొత్తం బ్యాటరీ ఇన్వర్టర్ మింగాల. మామ ఇంట్లో సోలార్ 3, కాబట్టి 5 కేవీఏది తీసుకున్నాం, దానికి ఇబ్బంది లేదు. కానీ బ్యాటరీ కూడా మింగగలగాల కదా, ఇది చాలామంది చూడరు. 51.2 ఓల్టుల 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ ప్యాక్ ఒకటి 5.12 యూనిట్లు. ఛార్జింగ్ 50 ఆంపియర్లు అని రాసి ఉంటే 51.2 ఇంటు 50, అంటే 2.56 కిలోవాట్. పీక్ ఎండలో సోలార్ 3 ఇచ్చి ఇంట్లో 300 వాట్స్ వాడుతుంటే మిగిలేది 2.7, లిమిట్ దాటిపోయింది, ప్యాక్ లోపల దాన్ని కాపాడే బీఎంఎస్ అనే సర్క్యూట్ ఆఫ్ చేస్తే ఇల్లంతా చీకటి, పట్టపగలు. అందుకే 100 ఆంపియర్లు తట్టుకునే ప్యాక్ అడిగి తీసుకున్నాం. రాత్రి అవసరం చూస్తే ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, టీవీ, వైఫై కలిపి సుమారు 350 వాట్స్, నాలుగు గంటలకి 1.4 యూనిట్లు, కాబట్టి ఒక ప్యాక్ చాలు. గీజర్, ఎయిర్ కండిషనర్, బోర్ మోటర్ సబ్-బోర్డుకి రానీయలేదు.

ఏసీ కప్లింగ్‌కి ఒక నిజమైన బలహీనత ఉంది, దాచిపెట్టకూడదు. గాలివాన వచ్చి స్తంభాలు పడి రెండు రోజులు కరెంట్ లేదనుకోండి, రాత్రి బ్యాటరీ పూర్తిగా అయిపోతే బ్యాటరీ ఇన్వర్టర్ ఆగిపోతాది. పొద్దున ఎండ వచ్చినా సోలార్ ఇన్వర్టర్ లేవదు, ఎందుకంటే దానికి చూసుకోవడానికి 50 హెర్ట్జ్ లేదు, బ్యాటరీ ఇన్వర్టర్ లేవదు, దానికి ఛార్జ్ లేదు. ఒకదాని కోసం ఒకటి కూర్చుంటాయి. డీసీ కప్లింగ్‌లో అయితే చాలా మోడల్స్‌లో ఎండ నేరుగా బ్యాటరీని లేపుతాది. కాబట్టి ఏసీలో కనీసం 20 శాతం దగ్గరే లోడ్లు కట్ అయ్యేట్టు సెట్ చేసి, ఆ మిగిలినది పొద్దున లేవడానికి ఉంచుకోవాల.

ఇంట్లో ముందునుంచే 12 ఓల్టుల ట్యూబులర్ బ్యాటరీ ఇన్వర్టర్ ఉన్నోళ్లకి ఒక హెచ్చరిక. కరెంట్ ఉన్నప్పుడు అది మామూలుగా ఛార్జ్ అయితే ఇబ్బంది లేదు, సోలార్ కూడా దాంట్లోకి పోతానే ఉంటాది. కానీ సోలార్ ఇన్వర్టర్ వైరు తెచ్చి ఆ పాత ఇన్వర్టర్ అవుట్‌పుట్ వైపు మాత్రం ఎప్పుడూ కలపొద్దు. దానికి ఫ్రీక్వెన్సీ పెంచడం తెలీదు, వెనక్కి వచ్చే పవర్ తీసుకోవడం తెలీదు, సోలార్ దాన్ని గ్రిడ్ అనుకుని తోసేస్తే ఓల్టేజ్ ఎగబాకి ఫ్రిజ్, టీవీ పోతాయి.

ఇంతకీ డీసీ ఎవరికి? ఇప్పుడే కొత్తగా సోలార్ పెట్టుకునేవాళ్లకి, ఉన్న ఇన్వర్టర్ పాతబడి ఎట్లాగూ మార్చాల్సినవాళ్లకి, కరెంట్ రోజుల తరబడి పోయే పల్లెల్లో ఉండేవాళ్లకి. వీళ్లు హైబ్రిడ్‌కే పోవాల.

ఈ వారం హోంవర్క్: మీ సోలార్ ఇన్వర్టర్ పక్కన స్టిక్కర్ మీద రేటింగ్ రాసుకోండి, ప్యానెల్ వెనక లేబుల్ మీద ఓపెన్ సర్క్యూట్ ఓల్టేజ్ చూసి ఒక స్ట్రింగ్‌లో ఎన్ని ఉన్నాయో దాంతో గుణించండి, ఎండ బాగున్నప్పుడు మెయిన్ దించి సోలార్ ఎన్ని సెకన్లకి ఆగుతాందో చూడండి. వచ్చే పాఠంలో సబ్-బోర్డుకి ఏ సర్క్యూట్లు మార్చాలో, న్యూట్రల్ ఎక్కడ విడదీయాలో డ్రాయింగ్ వేసుకుని చూద్దాం.